చదరపు చక్రంలో సీతాకోకచిలుక

మొదటి తరగతి గదిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పిల్లలు అమ్మమ్మా అంటారు, టీచరు అమ్మమ్మా అంటుంది, ఫీజు కట్టడానికి వచ్చిన ముప్పై ఏళ్ళ తండ్రులు కూడా నోరు జారి అమ్మమ్మా అనేసి నాలుక కరుచుకుంటారు. సొంత మనవలు ఇంటి దగ్గర ఇద్దరే. బడిలో ఇరవై ఎనిమిది మంది. లెక్క చూస్తే అద్దె మనవలదే మెజారిటీ, అమ్మమ్మ ఓటు కూడా వాళ్ళకే. ఇంట్లో ఎవరైనా అలిగి అన్నం మానేస్తే "ఆకలేస్తే అదే తింటుంది" అంటుంది. బడిలో ఎవడి ముక్కు కారినా ప్రపంచం మునిగిపోయినట్టు చేతి సంచిలోంచి రుమాలు తీస్తుంది.

ఉద్యోగం పేరు సహాయకురాలు. చదువు ఎనిమిదో తరగతి. తొమ్మిదోది ఎందుకు చదవలేదని అడిగితే ఒక్కోసారి ఒక్కో కారణం చెబుతుంది, అందులో రెండింటిలో లెక్కల మాస్టారి ప్రస్తావన ఉంటుంది. పద్దెనిమిదేళ్ళ క్రితం మూడు రోజుల కోసమని వచ్చింది. అప్పటి ఆయా కాలు బెణికింది. ఆ కాలు తర్వాత బాగయిందో లేదో ఎవరికీ తెలియదు. అమ్మమ్మ మాత్రం కదల్లేదు.

పాఠం చెప్పడం టీచరు పని. పాఠం జరిగేలా చూడడం అమ్మమ్మ పని. ఈ రెండోది ఎవరికీ కనబడదు. మొనలు గుండ్రంగా ఉండే చిన్న కత్తెరలు ఇరవై ఎనిమిది. అందులో ఎడమచేతి వాటం పిల్లలవి రెండు, వాటికి ఎర్ర టేపు చుట్టి ఉంటుంది. జిగురు సీసాలోంచి నేరుగా పోసుకోనివ్వదు. నీళ్ళ సీసాల మూతలు పోగేసి, ఒక్కో మూతలో ఇంతంత పోసి, ఇద్దరికి ఒక మూత ఇస్తుంది. "చీమ తాగేంత చాలు. ఏనుగు తాగేంత పూశారంటే బొమ్మ ఎల్లుండికి కూడా ఆరదు" అంటుంది. కత్తిరించేటప్పుడు కత్తెర తిప్పే పిల్లల చెయ్యి పట్టుకుని ఆపుతుంది. "బొటనవేలు పైకి. కత్తెర నిలబడే ఉంటుంది. తిరగాల్సింది కాగితం."

అన్నిటికంటే గట్టి నియమం ఒకటి ఉంది. కత్తిరించిన బొమ్మలను ముందు ఉత్తగా పరచాలి. అమ్మమ్మకు చూపించాలి. ఆమె తలూపితేనే జిగురు. తల అడ్డంగా ఊపితే మళ్ళీ పరచాలి. ఈ నియమం పుట్టకముందు ఒక ఏడాది ఒక పిల్లవాడు చెట్టు బొమ్మను వేళ్ళు పైకి అంటించి, తప్పు తెలిసి పీకబోతే కాగితమూ చిరిగి, వాడి ఏడుపు పక్క తరగతి దాకా వెళ్ళింది. అప్పటి నుంచి అమ్మమ్మ చూడనిదే మొదటి తరగతిలో ఏదీ దేనికీ అంటదు.

ఇలా హాయిగా నడుస్తున్న సంసారంలోకి ఒక కాగితం వచ్చి పడింది. శిక్షణ సర్టిఫికెట్ లేని సహాయకులందరినీ తరగతి గదుల నుంచి స్టోరు గదికి మార్చాలని యాజమాన్యం నిర్ణయం. అయితే ఒక మినహాయింపు. ఎవరైనా నలభై నిమిషాల కృత్యాన్ని ఒంటరిగా, టీచరు సాయం లేకుండా నడిపించగలిగితే, ప్రిన్సిపాల్ స్వయంగా కూర్చుని చూసి, ఫారం నింపి, తరగతిలోనే ఉంచవచ్చు.

స్టోరు గది అమ్మమ్మకు తెలుసు. విరిగిన కుర్చీలు, సుద్దముక్కల పెట్టెలు, ఆటల పోటీల నాటి జెండాలు. జీతం అంతే, పని ఇంకా తక్కువ. అయినా ఆ కాగితం చదివిన రోజు అమ్మమ్మ ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండానే కూర్చుండిపోయింది.

"ఎందుకంత దిగులు? కూర్చుని జీతం తీసుకోవచ్చుగా" అన్నాడు తాతయ్య.

"ఎవరితో మాట్లాడనండీ అక్కడ? బీరువాతోనా?"

"నాతో నలభై ఏళ్ళుగా మాట్లాడట్లా?"

"అందుకేగా చెబుతున్నా. ఒక బీరువా చాలు నాకు."

టీచరు చిన్నపిల్ల, ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కాలేదు. అమ్మమ్మ వెళ్ళిపోతుందంటే ఆమెకూ కాలూ చెయ్యీ ఆడలేదు. ఆలోచించి, సీతాకోకచిలుక జీవితచక్రం ఎంచింది. "పెద్దగా రాత పని ఉండదమ్మమ్మా. ముందు నాలుగు బొమ్మల కార్డులు చూపించి వరుస పెట్టించాలి. తర్వాత పిల్లలు వర్క్‌షీటులో బొమ్మలు కత్తిరించి, చక్రంలో వరుసగా అంటించాలి. కత్తెరా జిగురూ మీ రాజ్యమే కదా."

"గుడ్డు, గొంగళిపురుగు, గూడు, సీతాకోకచిలుక. అంతేగా?"

"గూడు అనకండి. ప్యూపా. గూడంటే పిట్ట కట్టుకున్నట్టు బయట కట్టుకునేది కదా. ఇది పురుగు చివరిసారి చర్మం విడిస్తే లోపల నుంచి బయటపడేది. దాని ఒళ్ళే."

"ఒళ్ళే ఇల్లన్నమాట" అంది అమ్మమ్మ. ఆ మాట ఆమెకు బాగా నచ్చి, దారిలో రెండుసార్లు అనుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో రిహార్సలు. మనవలిద్దరూ ఆటలకు పోయి దొరకనందువల్ల తాతయ్యను కూర్చోబెట్టింది. తాతయ్య తపాలా ఆఫీసులో ముప్పై మూడేళ్ళు ఉత్తరాలు వేరు చేసిన మనిషి. చేతికి ఏ కాగితం ఇచ్చినా రెండు సెకన్లలో ఎక్కడో ఒకచోట పెట్టేస్తాడు, కరెంటు బిల్లుతో సహా, తర్వాత అది ఎవరికీ దొరకదు. నాలుగు కార్డులూ కలిపి ఇచ్చిందో లేదో టపటపా పరిచేశాడు. గుడ్డు, పురుగు, ప్యూపా, సీతాకోకచిలుక. సరిగ్గా ఉంది.

అమ్మమ్మకు అనుమానం వచ్చింది. "ఎలా పెట్టారు?"

"ఎలాగేముంది? చిన్నది ముందు, పెద్దది వెనక. పార్సిళ్ళు అలాగే పేర్చేవాళ్ళం."

అమ్మమ్మ కార్డులు చూసింది. నిజమే. బొమ్మ గీసినవాళ్ళు గుడ్డును చుక్కంత, పురుగును వేలంత, ప్యూపాను కాస్త లావుగా, సీతాకోకచిలుకను కార్డు నిండా గీశారు. ఏమీ తెలియనివాడు కూడా సైజు చూసి వరుస పెట్టేయొచ్చు. ఆమె లోపలికి వెళ్ళి, పాత క్యాలెండరు వెనక స్కెచ్ పెన్నుతో నాలుగు బొమ్మలు తనే గీసుకొచ్చింది. ఈసారి ఆకు మీద గుడ్డు భూతద్దంలో చూసినట్టు కార్డంత ఉంది. సీతాకోకచిలుక మూలకు చిన్నగా, పువ్వు మీద వాలి ఉంది.

తాతయ్య టపటపా పరిచాడు. సీతాకోకచిలుక, ప్యూపా, పురుగు, గుడ్డు.

"అంటే సీతాకోకచిలుక ముడుచుకుని, పురుగై, ఆఖరికి గుడ్డులో దూరి పడుకుంటుందా?"

"అలసిపోయి ఉంటుంది పాపం" అన్నాడు తాతయ్య, తప్పు ఒప్పుకోవడం ఇష్టం లేక.

"నోటితో చెప్పండి. గుడ్డులోంచి ఏమొస్తుంది? వచ్చాక ఏం చేస్తుంది?"

పావుగంట సేపు ఆయనను నిలదీసి, ఆఖరికి అంతా తనే చెప్పింది. గుడ్డు పగిలి చిన్న పురుగు వస్తుంది. వచ్చిన దగ్గర నుంచి ఆకులు తినడమే దాని పని. ఒళ్ళు పెరిగి చర్మం బిగుతైతే చర్మం విడుస్తుంది, మళ్ళీ తింటుంది. బాగా పెరిగాక తిండి మానేసి, కొమ్మకు తలకిందులుగా వేలాడి ప్యూపా అవుతుంది. చూడడానికి కదలకుండా ఉంటుంది గాని లోపల ఒళ్ళంతా మారుతుంది. ఆఖరికి తడిసి ముడుచుకున్న రెక్కలతో సీతాకోకచిలుక బయటికి వస్తుంది, రెక్కలు విచ్చుకుని ఆరేదాకా ఎగరదు. ఎగిరాక పూల తేనె తాగుతుంది, ఆకు మీద గుడ్లు పెడుతుంది.

"బాగుంది. చర్మం బిగుతవడం వరకూ నా సంగతే చెప్పావు" అని తాతయ్య చొక్కా బొత్తాం సర్దుకున్నాడు.

అమ్మమ్మ వినలేదు. ఆమెకు ఒక సంగతి తెలిసింది. వరుస పెడితే చాలదు, ప్రతి కార్డు దగ్గరా 'ఎందుకు' అని అడగాలి. లేకపోతే తరగతిలో ఇరవై ఎనిమిది మంది తపాలా ఉద్యోగులు తయారవుతారు.

మర్నాడు ఉదయం వర్క్‌షీట్లు కాపీ తీయాలి. టీచరు రెండు కాగితాలు ఇచ్చింది. ఒకదాని మీద పెద్ద చక్రం, అందులో నాలుగు ఖాళీ గళ్ళు, గళ్ళకు ఒకటి నుంచి నాలుగు వరకు అంకెలు, ఒకదాని నుంచి ఇంకోదానికి బాణాలు. రెండో కాగితం మీద చుక్కల గీతల మధ్య నాలుగు బొమ్మలు. టీచరు హాజరు తీసుకుంటుంటే అమ్మమ్మే ఆఫీసుకు వెళ్ళింది. కాపీ మెషిన్ పైన గోడ మీద ఒక నోటీసు అతికించి ఉంది. 'కాగితం ఆదా చేయండి. ఇకపై అన్ని కాపీలూ రెండు వైపులా మాత్రమే తీయాలి.'

అమ్మమ్మ నోటీసు చెప్పినట్టు నడుచుకునే మనిషి. రెండు వైపుల బొత్తాం నొక్కింది. యాభై ఆరు కాగితాలు కావాల్సిన చోట ఇరవై ఎనిమిదితో పని అయిపోయింది. వెచ్చటి కాగితాల కట్టను గుండెకు హత్తుకుని, పొదుపుకు బహుమతి ఏదైనా ఉంటే అది తనదే అన్నట్టు వరండాలో నడిచింది. ముందువైపు చక్రం, వెనకవైపు బొమ్మలు. ఎంత ముచ్చటగా ఉంది!

తర్వాత పీరియడ్‌లో ప్రిన్సిపాల్ వచ్చాడు. పొడుగాటి మనిషి. గదిలో ఉన్నవన్నీ ఆరేళ్ళ పిల్లల కుర్చీలే కాబట్టి వెనక మూల ఒకదానిలో కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. మోకాళ్ళ మీద అట్ట, అట్ట మీద ఫారం, జేబులో జవాబుల కాగితం. టీచరు గోడకు ఆనుకుని నిలబడింది. మాట్లాడకూడదని ఆయన ముందే చెప్పాడు. అందుకని ఆమె రెండు పెదాలూ లోపలికి మడుచుకుంది.

అమ్మమ్మ తాను గీసిన కార్డులను నలుగురు పిల్లలకు ఇచ్చి ముందు నిలబెట్టింది. ఎవరెక్కడ నిలబడాలో మిగతావాళ్ళు చెప్పాలి. పెద్ద గుడ్డును చూసి సగం మంది "అది చివర! అది చివర!" అని అరిచారు.

"ఎందుకు చివర?"

"పెద్దగా ఉందిగా!"

"నేను పెద్దగా గీశాను. నిజం గుడ్డు ఆవగింజ కంటే చిన్నది. ఆకు మీద పెడితే కళ్ళజోడు పెట్టుకున్నా నాకు కనబడదు. సైజు చూడొద్దు. దీనిలోంచి ఏం బయటికొస్తుందో చెప్పండి."

తరగతిలో ఒక పిల్ల ఉంది. రెండు జడలు, ఒక పన్ను లేదు. ఏది చెప్పినా ఎదురు ప్రశ్న వేస్తుంది కాబట్టి అమ్మమ్మ ఆమెకు లాయరు అని పేరు పెట్టింది. లాయరు లేచింది. "గుడ్డులోంచి సీతాకోకచిలుక రావొచ్చుగా? కోడిగుడ్డులోంచి కోడేగా వచ్చేది?"

ప్రిన్సిపాల్ కలం ఆగింది. టీచరు పెదాలు ఇంకాస్త లోపలికి వెళ్ళాయి.

"కోడిపిల్ల పుట్టగానే కోడిలాగే ఉంటుంది, చిన్నగా. ఇది అలా కాదు. దీనికి పుట్టగానే రెక్కలుండవు. నమిలే నోరుంటుంది. పుట్టినప్పుడు ఆకలి తప్ప ఇంకేమీ ఉండదు."

"మా తమ్ముడిలాగా" అంది లాయరు, కేసు ఒప్పుకుని కూర్చుంది.

అలా ఒక్కో కార్డూ 'ఎందుకు' దాటుకుని తన చోటికి చేరింది. ప్యూపా కార్డు పట్టుకున్న పిల్లవాడు పాత్రలో లీనమైపోయి కదలకుండా నిలబడ్డాడు, పిలిచినా పలకలేదు. "లోపల మారుతున్నా" అన్నాడు పెదాలు కదపకుండా. ప్రిన్సిపాల్ ఏదో రాసుకున్నాడు. మొహం చూస్తే బాగానే రాసినట్టు ఉంది.

అమ్మమ్మ వర్క్‌షీట్లు పంచింది. కత్తెరలు పంచింది. "చక్రం తర్వాత చూద్దాం. ముందు కాగితం తిప్పండి. బొమ్మలు కనబడుతున్నాయా? చుక్కల గీత మీదే కత్తిరించాలి. బొటనవేలు పైకి, కాగితం తిప్పు." గది నిండా కరకరలాడే చప్పుడు. వానకాలంలో ఆకుల మీద పురుగులు పడ్డట్టే ఉంది. అమ్మమ్మ బల్లల మధ్య తిరుగుతూ జిగురు మూతలు సిద్ధం చేస్తోంది. ఇంకో అరగంట గడిస్తే గండం గట్టెక్కినట్టే.

అప్పుడు లాయరు చెయ్యెత్తింది.

"అమ్మమ్మా, నా చక్రం ఏది?"

"నీ కాగితం మీదే ఉంది, తిప్పి చూడు."

లాయరు తిప్పి చూసింది. గొంగళిపురుగు వెనక సగం బాణం. గుడ్డు వెనక రెండు అంకె. సీతాకోకచిలుక వెనక చక్రం ముక్క, కొరికిన అప్పడంలాగా. మధ్యలో నాలుగు కన్నాలున్న కాగితం చట్రం బల్ల మీద ఉంది. లాయరు ఆ చట్రాన్ని మొహానికి పెట్టుకుని ఒక కన్నంలోంచి అమ్మమ్మను చూసింది.

"కత్తిరించేశాం అమ్మమ్మా. నువ్వే కత్తిరించమన్నావ్."

అమ్మమ్మ చేతిలో జిగురు సీసా వంగింది. గుటకలు గుటకలుగా జిగురు మూతలోంచి పొంగి బల్ల మీదికి పారింది. ఏనుగు తాగేంత. ఆమెకు అది కనబడలేదు. ఇరవై ఎనిమిది చక్రాలు ఇరవై ఎనిమిది బల్లల మీద ముక్కలై పడి ఉన్నాయి. పొదుపు చేసిన కాగితం మొత్తం ఒక్క దెబ్బతో పగ తీర్చుకుంది.

వెనక మూల ప్రిన్సిపాల్ మెడ సాచి చూస్తున్నాడు. టీచరు రెండు చేతులతోనూ నోరు మూసుకుంది. ఆఫీసుకు పరుగెత్తి మళ్ళీ కాపీలు తీసుకురావచ్చు. కానీ అది వరండా ఆ చివర ఉంది. తిరిగొచ్చేసరికి ఈ గదిలో ఇరవై ఎనిమిది కత్తెరలూ, ఒక జిగురు చెరువూ, పెద్ద దిక్కు లేని పిల్లలూ ఉంటారు. పైగా గది వదిలితే 'ఒంటరిగా నడిపించింది' అని ఎవరు రాస్తారు?

స్టోరు గది బీరువా ఒక్క క్షణం కళ్ళ ముందు నిలబడింది.

"కత్తెరలు కింద!" అంది అమ్మమ్మ. గొంతు తనకే కొత్తగా వినిపించింది. "చేతులు తల మీద!"

యాభై ఆరు చేతులు తలల మీదికి వెళ్ళాయి. వెనక మూలలో ఇంకో రెండు చేతులు కూడా సగం లేచి, తమ హోదా గుర్తొచ్చి దిగిపోయాయి.

"అమ్మమ్మ తప్పు చేసింది. చక్రాన్నీ బొమ్మలనీ ఒకే కాగితం మీద కొట్టించింది. అందుకని మనమే చక్రం చేసుకుందాం. బొమ్మల పుస్తకం తీయండి, కొత్త పేజీ తీయండి. ఇప్పుడు భోజనం డబ్బా మూత తీయండి. మూతే. డబ్బా తెరిచిన దగ్గర నుంచి నోట్లో ఏమీ పెట్టుకోకూడదు, నేను చూస్తున్నా."

మూత పేజీ మీద పెట్టి చుట్టూ గీత గీయాలి. మధ్యలో ఇంటూ గుర్తులా రెండు గీతలు. నాలుగు ఇళ్ళు. ఒక ఇంటి నుంచి పక్క ఇంటికి, గడియారం ముల్లు తిరిగే వైపు, బాణాలు. పిల్లలు నాలుకలు బయటపెట్టి గీశారు. లాయరు మళ్ళీ లేచింది.

"నా డబ్బా మూత చదరం. నాది చక్రం ఎలా అవుతుంది?"

"చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటికి వస్తే చక్రమే."

"మూలల దగ్గరో?"

"బ్రేకు వేసి తిరుగుతుంది."

లాయరుకు ఈ తీర్పు తృప్తినిచ్చింది. నాలుగు మూలల్లోనూ చిన్న చిన్న ఎర్ర లైట్లు గీసుకుంది.

బొమ్మలు పరచడం మొదలైంది. ఇంకా జిగురు లేదు. అమ్మమ్మ ఒక్కొక్కరి దగ్గర వంగి, "ఇది ఎందుకు ఇక్కడ?" అని అడుగుతూ, తల నిలువుగానో అడ్డంగానో ఊపుతూ పోతోంది. ప్రిన్సిపాల్ కుర్చీలోంచి లేచాడు. కుర్చీ కూడా ఆయనతో పాటు కొంత దూరం లేచింది. దాన్ని వదిలించుకుని, జేబులోంచి జవాబుల కాగితం తీసి, బల్లల మధ్యకు వచ్చాడు. లాయరు బల్ల దగ్గర ఆగాడు.

"ఏమ్మా, ఇది తప్పు కదా. పైన సీతాకోకచిలుక పెట్టావు. ఒకటో గడిలో గుడ్డు ఉండాలి. ఇదిగో, ఇందులో ఉంది."

"సార్" అంది లాయరు, "ఆ గుడ్డు ఎవరు పెట్టారు?"

ప్రిన్సిపాల్ జవాబుల కాగితం చూసుకున్నాడు. దానికి జవాబు అందులో లేదు.

అమ్మమ్మ ఆ బల్ల దగ్గరికి వచ్చింది. ఫారం ఆయన చేతిలో ఉంది. అవునండీ అనేసి, బొమ్మలు జరిపించేస్తే పోయేది. కానీ లాయరు తనవైపు చూస్తోంది. ఈ పిల్ల పెట్టింది సరైనదే. సరైనదాన్ని తప్పని జరిపిస్తే, ఇక రేపటి నుంచి తన తల ఊపుడుకు ఏం విలువ?

"తప్పు కాదు సార్" అంది మెల్లగా. "దీనికి అంకెలు లేవు, బాణాలున్నాయి. మీ వేలు ఎక్కడైనా పెట్టి బాణం వెంట నడపండి."

ప్రిన్సిపాల్ వేలు పెట్టాడు. సీతాకోకచిలుక మీద నుంచి గుడ్డు, గుడ్డు నుంచి పురుగు, పురుగు నుంచి ప్యూపా, ప్యూపా నుంచి మళ్ళీ సీతాకోకచిలుక. వేలు ఎర్ర లైట్ల దగ్గర ఆగాలని లాయరు పట్టుబట్టింది. ఆగాడు.

"సరిగ్గానే వచ్చిందే" అన్నాడు. పక్క బల్ల వైపు తిరిగాడు. "ఇదిగో, ఈ అబ్బాయిది చూడండి, ఇది మరీ బాగుంది. గుడ్డు పైన ఉంది."

"అది తప్పు సార్" అంది అమ్మమ్మ. ఈసారి గొంతు అంత మెల్లగా లేదు. "గుడ్డు పక్కన ప్యూపా పెట్టాడు. ఆకు ముక్క తినకుండా ప్యూపా అయిపోయింది వీడి పురుగు. ఏం నాయనా, నువ్వు అన్నం తినకుండా పెద్దవాడివవుతావా?"

పిల్లవాడు వేలితో ప్యూపాను పక్కకు తోసి, పురుగును గుడ్డు పక్కకు జరిపాడు. చిరుగు లేదు, ఏడుపు లేదు. కాగితం శుభ్రంగా ఉంది.

"అంటించనివ్వలేదు కాబట్టి జరిగింది సార్" అంది అమ్మమ్మ.

ప్రిన్సిపాల్ మళ్ళీ ఫారం చూసుకున్నాడు. "అది సరే. ఇచ్చిన వర్క్‌షీటు వాడారా అని ఒక గడి ఉంది ఇక్కడ. అసలు రెండూ ఒకే కాగితం మీద ఎందుకు కొట్టారు? చూసుకోవద్దా?"

"చూసుకోవాలి సార్. నాదే తప్పు. గోడ మీద రాసినట్టు నొక్కేశాను."

"ఏ గోడ మీద?"

"కాపీ మెషిన్ పైన సార్. అన్నీ రెండు వైపులా తీయాలని."

"ఎవరు రాశారు అలా, బుద్ధి లేకుండా?"

అమ్మమ్మ నేల చూసింది. టీచరు గోడ చూసింది. అబద్ధం ఆడడం ఇంకా రాని వయసు లాయరుదే.

"మీ సంతకమే సార్. పొడుగ్గా, వానపాములాగా ఉంటుందిగా. నాకు తెలుసు, నా రిపోర్టు కార్డు మీద కూడా ఉంది."

ప్రిన్సిపాల్ చెవులు ఎర్రబడ్డాయి. ఆయన దగ్గాడు. తర్వాత ఏదో ఒకటి చేయాలి కాబట్టి, టీచరు బల్ల మీదున్న అసలు బొమ్మల కాగితం కత్తిరించుకుని, లాయరు పక్కన చిన్న కుర్చీలో కూలబడ్డాడు. "నేనూ ఒకటి చేస్తాను. ఎలా ఉంటుందో చూద్దాం."

మూత అరువు తెచ్చుకుని చక్రం గీశాడు. గీతలు గీశాడు, బాణాలు గీశాడు. ఎంతైనా చదువుకున్నవాడు, గుడ్డు పైన, కుడివైపు పురుగు, కింద ప్యూపా, ఎడమవైపు సీతాకోకచిలుక. పని ముగించిన దర్పంతో జిగురు మూత కోసం చెయ్యి చాపాడు.

లాయరు మూత వెనక్కి లాక్కుంది. "అమ్మమ్మకు చూపించారా?"

"నాది సరిగ్గానే ఉందమ్మా."

"అందరూ అదే అంటారు సార్."

గది నిండా నవ్వు. ప్రిన్సిపాల్ దిక్కులు చూశాడు. టీచరు సాయానికి రాలేదు, ఆమెకు మాట్లాడే అనుమతి లేదు కదా. ఆయన కాగితం పట్టుకుని, చూపించడానికి లేచిన పిల్లలతో పాటు వరుసలో నిలబడ్డాడు. ఆయన ముందు ముగ్గురున్నారు. వంతు రాగానే కాగితం చాపాడు.

అమ్మమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసింది. బొమ్మలన్నీ వాటి వాటి ఇళ్ళలో ఉన్నాయి. కానీ బాణాలు అన్నీ ఎడమవైపు తిరిగి ఉన్నాయి. ఆమె బాణాల మీద వేలు పెట్టి చూపించింది. లాయరు కూడా వచ్చి మెడ పెట్టి చూసింది.

"సార్, మీ సీతాకోకచిలుక మళ్ళీ ప్యూపాలోకి దూరిపోతోంది!"

ప్రిన్సిపాల్ వేలితో బాణాల వెంట నడిచాడు. సీతాకోకచిలుక ప్యూపా అయింది, ప్యూపా పురుగైంది, పురుగు గుడ్డులోకి వెళ్ళి తలుపేసుకుంది.

"మా ఆయన కూడా నిన్న ఇలాగే పెట్టారు సార్" అంది అమ్మమ్మ ఓదార్పుగా. "ఆయన తపాలా ఆఫీసు."

ఆయన రబ్బరు అడిగి తీసుకున్నాడు. బాణాలు చెరిపి, అటు తిప్పి గీశాడు, మళ్ళీ వరుసలో నిలబడ్డాడు. ఈసారి అమ్మమ్మ తల నిలువుగా ఊపింది. చీమ తాగేంత ఎంతో తెలియక వేలు నిండా ముంచి మరీ అంటించాడు. ఫలితం చూసుకుని మురిసిపోతూ ఉంటే ప్యూపా పాత్రధారి వచ్చి, "సార్ది బాగుంది, కానీ ఆరదు" అన్నాడు.

గంట మోగడానికి మూడు నిమిషాలుంది. ప్రిన్సిపాల్ నిలబడే ఫారం నింపాడు. కలం ఆగుతోంది, నడుస్తోంది, ఆగుతోంది. అమ్మమ్మ తలకిందులుగా చదవడానికి ప్రయత్నించింది. కుదరలేదు.

"సార్, ఇంతకీ స్టోరా, ఇక్కడా? చెప్పేయండి. పిల్లలు చేతులు కడుక్కోవాలి, నేను పోవాలి."

"స్టోరుకు మిమ్మల్ని పంపితే ఇక్కడ జిగురు ఎవరు ఆపుతారు?" అన్నాడు ఆయన ఫారం మీద నుంచి తల ఎత్తకుండా. "ఇక్కడే. రాసేశాను. కాకపోతే ఒక షరతు రాశాను. కాపీ మెషిన్ దగ్గరికి మీరు వెళ్ళకూడదు."

"నోటీసో సార్?" అంది లాయరు.

"అదీ పీకేస్తాను."

అప్పుడు అమ్మమ్మ ఆయన ఖాళీ చేసిన చిన్న కుర్చీలో దభీమని కూర్చుంది. టీచరు ఇక ఆగలేక నోరు తెరిచి, నలభై నిమిషాల మాటలన్నీ ఒక్కసారి బయటికి రాబోయి ఏదీ రాక, ఊరికే అమ్మమ్మ భుజం పట్టుకుని ఊపింది.

ప్రిన్సిపాల్ ఫారాన్ని ఆమె చేతికి ఇవ్వబోయాడు. అది రాలేదు. విదిలించాడు. రాలేదు. బొటనవేలికీ ఫారానికీ మధ్య ఏనుగు తాగేంత జిగురు పని చేస్తోంది.

"లాగకండి సార్!" అని అమ్మమ్మ కూర్చున్న చోటి నుంచి ఒక్క గెంతు గెంతింది. "నా ఉద్యోగం ఉంది దాని మీద! పిల్లలూ, దారివ్వండి, సారును నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాలి."

ఆయన మణికట్టు పట్టుకుని, ముక్కు కారేవాణ్ని తీసుకెళ్ళినట్టే, వరండాలోకి నడిపించుకుపోయింది. వెనక ఇరవై ఎనిమిది మంది వరుస కట్టారు. కొళాయి కింద వేలు పెట్టించి, కాగితం తడవకుండా మెల్లమెల్లగా ఊడదీసింది. ఒక మూల చిరిగి ఆయన వేలికే ఉండిపోయింది. అమ్మమ్మ ఫారాన్ని వెలుగుకు ఎత్తి పట్టుకుని, సంతకం ఉందా లేదా అని చూసింది. ఉంది, వానపామంత పొడుగ్గా. అప్పుడు తలను నిలువుగా ఊపింది.

"వెళ్ళండి సార్" అంది. "ఆ రెండో చెయ్యి కూడా కడుక్కుని వెళ్ళండి."